ధాన్యం ఇంటికి వచ్చిందా

ధనుర్మాసం మొదలైందంటే మా గోదావరి ఊళ్లలో సాయంకాలం పూట ఆడపిల్లలు గొబ్బెమ్మ చుట్టూ చేరతారు. పేడముద్ద మీద గుమ్మడిపువ్వు, చుట్టూ చప్పట్లు, వలయంగా తిరగడం. ఒకమ్మాయి పాట ఎత్తుతుంది, మిగతావాళ్లు అందుకుంటారు. అందుకునే మాట ఎప్పుడూ ఒకటే, గొబ్బియళ్లో. పదిహేనో శతాబ్దంలో అన్నమాచార్యులు కూడా గొబ్బి పాట కట్టారంటే ఆ మాట అప్పటికే ఎంత పాతదో ఊహించుకోవచ్చు.

రెండేళ్ల కిందట మా వీధి పిల్లలు నా దగ్గరికొచ్చి, "ఈసారి మాకు కథ ఉన్న పాట కావాలి" అన్నారు. దేవుడి మీద పాటలు వాళ్లకి వచ్చు, పువ్వుల మీద పాటలూ వచ్చు. కథ కావాలట. వాళ్లు కోరింది చిన్నదే అనిపించింది గానీ ఆ పాట కట్టడానికి నాకు నెల పట్టింది. మొదట రాసింది మొత్తం పారేసి మళ్లీ రాశాను. ఎందుకు పారేశానో, తరువాత ఎలా కట్టానో ఇవాళ మీకు చెబుతాను.

మొదటిసారి రాసినప్పుడు 31 చరణాలు వచ్చాయి. ఊరి వర్ణన మూడు చరణాలు, పంట ఏపుగా పెరిగిన వైనం నాలుగు చరణాలు, ముగ్గులకు రెండు. కథ పదో చరణంలో మొదలైంది. కాగితం మీద చదువుకుంటే బాగానే ఉంది. పిల్లలు పాడటం మొదలుపెట్టాక ఏడో చరణానికి చప్పట్లు వదులయ్యాయి. తొమ్మిదో చరణంలో ఒక పిల్ల గొబ్బెమ్మ మీద పువ్వు సర్దడానికి వంగి మళ్లీ లేవలేదు.

లెక్క వేసి చూసుకుంటే తప్పు తెలిసింది. గొబ్బి పాటలో నాలుగు పాదాల చరణాన్ని ఒక్కసారి పాడి ఊరుకోరు. ఎత్తే అమ్మాయి రెండు పాదాలు అంటుంది, అందరూ ఆ రెండూ తిరిగి అంటారు. తరువాతి రెండు పాదాలూ అంతే. ఆ పైన పల్లవి రెండుసార్లు. నేను తీసుకున్న నడకలో పాదానికి నాలుగు చప్పట్లు, పల్లవికి ఆరు. అంటే ఒక్క చరణం పూర్తయ్యేసరికి 44 చప్పట్లు పడతాయి. పిల్లల వేగం నిమిషానికి 70 చప్పట్లు ఉంటుందనుకోండి, చరణానికి 38 సెకన్లు. 31 చరణాలకు ఇరవై నిమిషాలు. కథ పదో చరణంలో మొదలైందంటే, ఆరు నిమిషాలు అక్కడ ఏమీ జరగలేదన్నమాట.

బుర్రకథలో ఈ ఇబ్బంది లేదు. షేక్ నాజర్ గారి లాంటి కథకుడు తంబురా పట్టుకుని పాట పాడి, ఆపి, వచనంలో నాలుగు మాటలు చెప్పి కథను పది మైళ్లు ముందుకు నడిపిస్తాడు. పక్కనున్న వంతలు హాస్యం ఒకటి విసిరి ఊపిరి తీసుకునే వీలిస్తారు. గొబ్బి వలయంలో వచనం లేదు, హాస్యగాడు లేడు. జరిగేదంతా చరణంలోనే జరగాలి. పైగా ప్రతి చరణం తరువాతా పల్లవి వచ్చి కథను నిలబెట్టేస్తుంది. అలా నిలబెట్టడాన్ని అడ్డంకి అనుకున్నంత కాలం నాకు పాట కుదరలేదు.

కథ సంగతి ముందు చెబుతాను. మొదట 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన మీద రాద్దామనుకున్నాను. రెండు చరణాలు రాసి ఆపేశాను. అంత చావు ఉన్న సంగతిని పండగ పూట పిల్లలు చప్పట్లు కొడుతూ పాడలేరు, పాడకూడదు కూడా. గొబ్బి పాట మోయగలిగిన బరువు వేరు. అందుకని తుపాను ఉంచి ఉప్పెన తీసేశాను. ఒక ఎకరం, ఒక కుప్ప, ఇద్దరు మనుషులు. కల్పించిన కథే గానీ ఇలాంటివి మా వైపు ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి.

సూరమ్మ అని ఒకావిడ, ఒంటరి మనిషి. ఆవిడకి ఎకరం సార్వా కోసి పనలు చేలో పడి ఉన్నాయి. పక్క చేను వీర్రాజుది. గట్టు తగాదా వల్ల మూడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. తూర్పున మబ్బు పట్టింది. ఆ రాత్రి వీర్రాజు లాంతరు పట్టుకుని వచ్చి, మాట్లాడకుండానే ఆవిడ కుప్ప వేసి వెళతాడు. ఆవిడ కుప్ప నిలుస్తుంది, అతని పనలు నానిపోతాయి. పండక్కి ముందు ఆవిడ ఏం చేసిందన్నది కథ. ఇంతే. మూడు నిమిషాల్లో చెప్పగలిగిన కథ కావాలి, ఎనిమిది నిమిషాల పాటకి అది సరిపోతుంది.

ఇక పల్లవి. మొదటి పాటలో నా పల్లవి ఇది.

పాడీ పంటా పొంగీ పొర్లే గొబ్బియళ్లో

పండగ పాటకి శుభంగా ఉంటుందని పెట్టాను. తుపాను చరణం వచ్చింది, పనలు నీళ్లలో తేలాయి, వెంటనే అందరూ "పొంగీ పొర్లే" అన్నారు. పిల్లలు పడీపడీ నవ్వారు. నవ్వరు మరి? అక్కడ పొంగింది కాలవ. ఆ నవ్వుతోనే నాకొక సంగతి తెలిసింది. పల్లవిలో ఒక సంగతిని తేల్చి చెప్పేస్తే, కథ అటు తిరిగినా ఇటు తిరిగినా పల్లవి కదలదు. ఏదో ఒక చోట అబద్ధం చెబుతుంది. పల్లవిని ప్రశ్నగా పెడితే ఆ బాధ లేదు. కథ నడిచినంత సేపూ ప్రశ్న బతికే ఉంటుంది.

రెండోసారి పెట్టిన పల్లవి ఇది.

ధాన్యం ఇంటికి వచ్చిందా గొబ్బియళ్లో

కోతల కాలంలో ఎవరు ఎదురైనా అడిగే మాటే ఇది. ఇందులో ఎవరి పేరూ లేదు కాబట్టి ఎవరి నోటికైనా సరిపోతుంది. వచ్చిందా అన్న చోటా, గొబ్బియళ్లో అన్న చోటా దీర్ఘం ఉంది కాబట్టి పిల్లలు గొంతు చాపుకోవచ్చు. పాట తెలియని వాళ్లు కూడా రెండోసారికే అందుకుంటారు.

నడక గురించి ఒక్క మాట. బల్ల మీద వేలితో కొడతాను, వినండి. ధాన్యం, ఇంటికి, వచ్చిం, దా. ఒక్కో దెబ్బకి నాలుగు మాత్రలు. చివరి దా దగ్గర రెండు మాత్రలే ఉన్నాయి, మిగతా రెండూ గొంతుతో సాగదీస్తాం. తరువాత గొబ్బియళ్లోకి రెండు దెబ్బలు. చరణంలో ప్రతి పాదానికీ ఇలాంటి నాలుగు దెబ్బలే. మాట చివర అచ్చును సాగదీసి మబ్బును మబ్బూ అని, పనలును పనలూ అని పాడుకోవడం జానపదుల అలవాటు. నేనూ ఆ అలవాటునే పట్టుకున్నాను. అయితే మాట దెబ్బకి సరిపోయినంత మాత్రాన పాటలో చేరదు. "బంగాళాఖాతం" అన్న మాట చక్కగా నడకలో కూర్చుంటుంది. మొదట పెట్టాను కూడా. పిల్ల పాడుతుంటే రేడియోలో వాతావరణ సూచన చదివినట్టు ఉంది. ఈ రేడియో వాళ్లు ఏమీ అనుకోకూడదు.

ఇప్పుడు మొదటి చరణం వినండి.

సూరమ్మత్తకి ఎకరా చేను
కోసిన పనలూ చేలో ఉన్నై
కొడుకూ కోడలు పట్నంలోన
కుప్పకు తోడూ ఎవ్వరు లేరు
ధాన్యం ఇంటికి వచ్చిందా గొబ్బియళ్లో

ఊరి వర్ణన లేదు. పంట ఎంత పచ్చగా పెరిగిందో లేదు. కోత అయిపోయింది, పనలు చేలో ఉన్నాయి, మనిషి లేడు. పాట మొదలయ్యేసరికే గింజ ఆపదలో ఉంది. ఇక్కడ పల్లవి ఊరికే అడిగే ప్రశ్న. పండగ పూట పక్కింటావిడ అడిగినట్టు.

రెండో చరణం గట్టు తగాదా.

పక్కన చేనూ వీర్రాజుదీ
మధ్యన గట్టూ మూడే జానలు
మూడేళ్లాయే మాటలు లేక
ఎదురుగ వస్తే తప్పుకు పోదురు

తగాదా ఎలా మొదలైందో, ఎవరిది తప్పో చెప్పలేదు. మొదటి పాటలో దానికి ఐదు చరణాలు ఖర్చు పెట్టాను. కొలతలు, పెద్దమనుషులు, పంచాయితీ అన్నీ ఉన్నాయి. ఇప్పుడు మూడేళ్లు ఒక్క పాదంలో అయిపోయాయి. గట్టు మూడు జానలన్న మాట ఒక్కటి చాలు, ఎంత చిన్న దాని మీద ఎంత కాలం పోయిందో వినేవాళ్లు లెక్క కట్టుకుంటారు.

మూడో చరణంలో మబ్బు.

తూరుపు దిక్కున మబ్బూ లేచే
కాకులు గూటికి ముందే చేరే
కూలికి వచ్చిన వాళ్లూ పోయే
చేలో అత్తా ఒకతే మిగిలే

ఇక్కడ వార్త ఎక్కడుందో గమనించండి. చరణంలో మొదటి రెండు పాదాలు చోటునూ కాలాన్నీ చూపిస్తాయి. జరిగేదేదో తరువాతి రెండు పాదాల్లో జరుగుతుంది. దీనికి కారణం పాడే పద్ధతే. చివరి రెండు పాదాలూ అందరూ తిరిగి అన్న వెంటనే పల్లవి పడుతుంది. వార్తకీ పల్లవికీ మధ్య ఇంకేమీ లేకపోతే, పల్లవి ఆ వార్తకి జవాబులా మోగుతుంది. ఒకతే మిగిలిందన్న మాట మీద ధాన్యం ఇంటికి వచ్చిందా అంటే గుండె కొంచెం దడదడలాడుతుంది. అదే వార్త మొదటి పాదంలో పెట్టి, తరువాత కాకుల గురించి చెబితే, పల్లవి దగ్గరికి వచ్చేసరికి వార్త చల్లారిపోతుంది. నేను రాసిన మొదటి పాటలో చాలా చరణాలు ఇలా తలకిందులుగా ఉన్నాయి. పాదాలను కిందికీ మీదికీ మారిస్తేనే సగం బాగుపడ్డాయి.

నాలుగో చరణం నాకు ఇష్టమైనది.

పట్నం నుంచీ ఉత్తర మొచ్చే
అత్తకు చదువూ రాదూ గనుక
పంతులు గారే చదివీ పెట్టే
కొడుకూ రాసిన దొకటే మాట
ధాన్యం ఇంటికి వచ్చిందా గొబ్బియళ్లో

ఉత్తరంలో ఏముందో చరణం చెప్పలేదు. పల్లవే ఉత్తరం. అప్పటిదాకా ఎవరు అడుగుతున్నారో తెలియని ప్రశ్నకి ఒక నోరు దొరికింది. అమ్మ ఎలా ఉందని అడగకుండా ధాన్యం సంగతి అడిగిన కొడుకు నోరు. నేను ఒక్క మాట కూడా ఎక్కువ రాయలేదు, కానీ మొదటిసారి పాడినప్పుడు వలయం బయట కూర్చున్న పెద్దావిడ ఒకరు "హు" అన్నారు. ఆ "హు" కోసం నేను ఇంకో చరణం రాసి ఉంటే చెడిపోయేది. ఉత్తరం ఎందుకు, ఫోను ఉంది కదా అని పిల్లలు అడిగారు. ఇది మీ అమ్మమ్మల నాటి కథ అని చెప్పాను. లాంతరు, బండి కూడా అప్పటివే కదా.

ఐదో చరణం నుంచి ఎనిమిదో చరణం దాకా ఒకటే రాత్రి. ఇక్కడే పాట నడక మారుతుంది. మొదటి రెండు చరణాల్లో మూడేళ్లు గడిచాయి. మూడు, నాలుగులో ఒక పూట. ఇప్పుడు నాలుగు చరణాలకు ఒకే రాత్రి. చప్పట్ల వేగం మారదు, మారకూడదు కూడా, మారిస్తే పిల్లల అడుగు తప్పుతుంది. కాలం మాత్రం నిదానిస్తుంది. ఒక చరణానికి ఎంత కాలం ఇస్తామన్నదే కథకుడి చేతిలో ఉన్న కళ్లెం. ఎక్కడ వినేవాళ్లు ముందుకి వంగుతారో అక్కడ కాలం తగ్గించి చరణాలు పెంచాలి. నేను మొదట దీనికి సరిగ్గా తిరగేసి చేశాను. తగాదాకి ఐదు చరణాలు, రాత్రికి ఒకటి.

ఐదో చరణంలో సూరమ్మ ఒక్కతే పనలు మోయడం మొదలుపెడుతుంది. ఆరో చరణం ఇది.

నడిరేయప్పుడు గట్టూ మీద
లాంతరు ఒకటీ కదిలీ వచ్చే
ఎవరని అడగదు సూరమ్మత్త
లాంతరు కూడా పలకా లేదు

వచ్చింది వీర్రాజు అని చెప్పలేదు. గట్టు మీద నుంచి వచ్చిందంటే చాలు. రెండో చరణంలో గట్టు ఎందుకు పెట్టానో ఇక్కడ తేలుతుంది. పాటలో ఒక వస్తువును ముందు ఒకసారి ఊరికే చూపించి, పనిపడినప్పుడు మళ్లీ తెస్తే పేరు చెప్పే పని తప్పుతుంది. ఈ పాటలో అలాంటివి మూడే ఉన్నాయి. గట్టు, లాంతరు, కుప్ప. అంతకంటే ఎక్కువైతే చప్పట్లు కొట్టే పిల్లకి గుర్తుండదు.

ఏడో చరణం.

ఆమే పనలను అందిస్తుంటే
అతనూ కుప్పను పేరుస్తుంటే
మాటకు మారుగ గడ్డీ చప్పుడు
కోడీ కూసే వేళా ఆయే

కుప్ప వేయడం తెలిసిన వాళ్లకి ఇక్కడ ఒక విషయం ఇట్టే అర్థమవుతుంది. వెన్నులు లోపలికి, మొదళ్లు బయటికి ఉండేలా పేర్చాలి. వాన పడ్డా నీళ్లు గడ్డి మీదుగా జారిపోవాలి, గింజ దాకా పోకూడదు. చీకట్లో ఒక్క మనిషి ఆ పని చేయలేడు. ఒకరు అందించాలి, ఒకరు పేర్చాలి. మాటల్లేని ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టడానికి నాకు ఇంతకంటే మంచి పని దొరకలేదు. మొదట ఈ వివరమంతా చరణంలో ఎక్కించబోయాను. వెన్నులు, మొదళ్లు, వాలు, అన్నీ. పాడి చూస్తే వ్యవసాయ కార్యక్రమంలా తయారైంది. తీసేసి, గడ్డి చప్పుడు ఒక్కటే ఉంచాను.

ఎనిమిది.

ఆఖరి పననూ ఎత్తే వేళకు
చినుకూ ఒకటీ చెంపను తాకే
లాంతరు తీసుకు గట్టూ దాటీ
వచ్చిన దారిన మావా పోయే

అత్త అన్నాం కాబట్టి అతను పిల్లలకి మావే. పేరు లేకుండా ఇక్కడ మావ అనగానే చనువు వచ్చేసింది. తగాదా చరణంలో అతను వీర్రాజు, ఇక్కడ మావ. పిల్లలు ఈ మార్పును తమంతట తామే గట్టిగా పాడారు, నేను చెప్పలేదు.

ఒక చిక్కు ఇక్కడ వచ్చింది. కుప్ప పడింది కదా, మరి ధాన్యం ఇంటికి వచ్చిందా అని ఇంకా ఎలా అడుగుతాం? కాస్త ఆలోచిస్తే చిక్కు లేదని తెలిసింది. కుప్ప చేలోనే ఉంది. నూర్చాలి, తూర్పారబట్టాలి, కొలవాలి, బండెక్కించాలి. రైతుకి కుప్ప ఇల్లు కాదు. పల్లవిలో ప్రతి మాటా ప్రతి చరణం దగ్గరా నిజమవుతోందా లేదా అని ఇలా వేలు పెట్టి చూసుకోవాలి. ఒక్క చోట అబద్ధమైనా వినేవాడికి తెలిసిపోతుంది, ఎందుకంటే ఆ మాటనే వాడు అన్నిటికంటే ఎక్కువసార్లు వింటాడు.

తొమ్మిదో చరణంలో కాలం మళ్లీ పరుగెత్తుతుంది.

ఒకటీ రెండూ మూడూ రోజులు
వానే వానా గాలే గాలి
అత్తా కుప్పా చెక్కూ చెదరదు
మావా పనలూ నీళ్లల తేలే

తుపానుకి ఒక్క చరణమే ఇచ్చావేమిటని ఒక మిత్రుడు అడిగాడు. తుపాను వచ్చిందన్నది అందరూ ఊహించే సంగతే, మూడో చరణంలో మబ్బు లేచినప్పుడే దాని పని సగం అయిపోయింది. ఎదురుచూసిన దానికి ఒక చరణం, ఎదురుచూడని దానికి నాలుగు. కథాగేయంలో నేను నమ్మిన సూత్రం అదొక్కటే, అదీ తప్పు కావచ్చు.

పదో చరణంలో ప్రశ్న మనిషి మారుతుంది.

ఊళ్లో వాళ్లూ మావను చూసీ
ఒకటే మాటా ఒకటే మాటా
తుండూ దులిపీ భుజమున వేసీ
మావా మెల్లగ ముందుకు పోయే
ధాన్యం ఇంటికి వచ్చిందా గొబ్బియళ్లో

నాలుగో చరణంలో కొడుకు సూరమ్మను అడిగాడు. ఇప్పుడు ఊరంతా వీర్రాజును అడుగుతోంది. తడిసిన పనలు నాలుగు రోజులు లేవనెత్తకపోతే వెన్ను మీదే మొలక వస్తుంది, ఆ ధాన్యం ఇంటికి వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. అతను జవాబు చెప్పడు. అతను జవాబు చెప్పడు కాబట్టి పల్లవి ఇంకాస్త గట్టిగా మోగుతుంది. మొదటి చరణంలో పలకరింపుగా మొదలైన మాట పదో చరణానికి ఇలా అయింది. అందులో ఒక్క అక్షరం కూడా మారలేదు, దాని ముందున్న రెండు పాదాలే మారుతూ వచ్చాయి.

పదకొండు.

పొద్దూ పొడిచే కళ్లం ఆరే
అత్తా కుప్పా నూర్పూ అయ్యే
కొలిచిన బస్తా లిరవై నాలుగు
గట్టూ అవతల ఖాళీ కళ్లం

వానకీ నూర్పుకీ మధ్య నెల గడిచింది. గడిచిందని ఎక్కడా చెప్పలేదు. ఆ తరువాత, అటు పిమ్మట, కొన్నాళ్లకు లాంటి మాటలు పాట మొత్తం వెతికినా దొరకవు. ఆ పని పల్లవి చేస్తుంది. పల్లవి పాడేటప్పుడు కథ ఆగుతుందన్నాను కదా, ఆగినప్పుడే కాలం గడిచిపోతుంది. చరణం మళ్లీ ఎత్తేసరికి ఎక్కడున్నా ఫరవాలేదు, వినేవాళ్లు వచ్చి కలుస్తారు. నేను చేసే పరీక్ష ఒకటుంది. పల్లవి మీద కాగితం అడ్డం పెట్టి చరణాలు వరసగా చదువుతాను. కథ అతుకు తెలియకుండా సాఫీగా సాగిపోతే ఆ పాటకి పల్లవి అక్కరలేదని అర్థం, దాన్ని ద్విపదలో రాసుకోవచ్చు. చరణానికీ చరణానికీ మధ్య కాలు పెట్టడానికి చోటు లేక తూలినట్టు అనిపిస్తే, పల్లవి పడాల్సిన చోటు అదే.

చివరి చరణం.

పండగ ముందూ చీకటి తోటే
మావా వాకిట బండీ చప్పుడు
తలుపూ తీసీ చూసే వరకూ
బస్తా లున్నై మనిషీ లేదు
ధాన్యం ఇంటికి వచ్చిందీ గొబ్బియళ్లో

పదో చరణం ఒక్కటి తప్పిస్తే, పదకొండో చరణం దాకా ఇల్లంటే సూరమ్మ ఇల్లే అనుకున్నాం. చివరికి వచ్చేసరికి ఇల్లు వీర్రాజుది. ఎన్ని బస్తాలు వేసిందో పాట చెప్పదు. పన్నెండు అని ఒక పిల్ల వేళ్ల మీద లెక్క చెప్పింది. ఆవిడ అతనితో మాట్లాడినట్టు కూడా రాయలేదు. మొదట రాసిన దాంట్లో ఇద్దరూ గట్టు మీద నిలబడి కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ చరణం కొట్టేసిన రోజు నాకు ప్రాణం హాయిగా ఉంది.

మొత్తం పన్నెండు చరణాలు, ఏడున్నర నిమిషాలు. పాడించడంలో ఒకే ఒక్క చోట చెడింది, అదీ చివరి పల్లవి దగ్గర. అప్పటికి పిల్లలు వచ్చిందా అని ఇరవై రెండుసార్లు పాడి ఉన్నారు. ఇరవై మూడోసారి వచ్చింది అనమంటే నోరు తిరగదు. ఎత్తే అమ్మాయి వచ్చిందీ అంది, వలయమంతా వచ్చిందా అంది. కథ మొత్తం మళ్లీ మొదటికి వచ్చినట్టయింది. రెండు రోజులు సాధన చేసినా అదే వరస. చివరికి చప్పట్లు ఆపించేశాను. బస్తాలున్నై మనిషీ లేదు అన్న పాదం అయ్యాక అందరూ చేతులు దించి నిలబడాలి. ఎత్తే అమ్మాయి ఒక్కతే, చప్పట్లు లేకుండా, ధాన్యం ఇంటికి వచ్చిందీ అని పాడాలి. తరువాత చప్పట్లతో అందరూ అందుకోవాలి. దెబ్బ ఆగేసరికి అలవాటు కూడా ఆగింది, పిల్లలు సరిగ్గా అన్నారు. మాట మారిందని వినేవాళ్లకీ స్పష్టంగా తెలిసింది. ఈ ఉపాయం కాగితం మీద నాకు తట్టలేదు, చెడిపోవడం వల్ల తట్టింది.

భోగి సాయంత్రం పాట అయ్యాక, అప్పుడు హు అన్న పెద్దావిడ నన్ను పిలిచి, "ఇంతకీ ఆ బస్తాలు అతను ఉంచుకున్నాడా, తిప్పి పంపేశాడా?" అని అడిగారు. నాకు తెలియదండీ అన్నాను. రాసినవాళ్లకి తెలియకపోవడమేమిటని కాసేపు కోప్పడ్డారు. తరువాత తనే అన్నారు, "ఉంచుకునే ఉంటాడు. కానీ దాళ్వాకి గట్టు మీద మట్టి వేసేటప్పుడు రెండు వైపులా అతనే వేసి ఉంటాడు" అని.